పంపిన పత్రాలనే బీమా కంపెనీ మళ్లీ మళ్లీ అడిగితే

నాన్నగారి ఆసుపత్రి ఖర్చుల క్లెయిములో డిశ్చార్జి సమ్మరీ, బిల్లులు, ల్యాబ్ రిపోర్టులు అన్నీ పంపాను. అయినా ప్రతిసారీ వాటిలోనే ఏదో ఒకటి పంపమని ఉత్తరం వచ్చేది. అడిగింది అడిగినట్టు పంపుతూ పోతే ప్రశ్నలకు అంతు ఉండదు. ఇలాంటి జాప్యం రోగి ఇంటివాళ్లను ఎంత నలిపేస్తుందో బీమా కంపెనీ కుర్చీలో కూర్చున్నవాళ్లకు తెలియాలి.

ఈసారి పత్రాలు కాకుండా జవాబు పంపాను. క్లెయిము నంబరు కింద చిన్న పట్టిక వేసి, ఏ పత్రం, ఏ తేదీన పంపాను, వాళ్లిచ్చిన రసీదు నంబరు ఎంత అన్నది రాశాను. దాని కింద ఇలా రాశాను:

"పై పత్రాలు మీకు అందినట్టు మీ రసీదులే చెబుతున్నాయి. వీటిలో ఏదైనా చదవడానికి వీలుగా లేకపోతే, లోపం ఏమిటో పేజీతో సహా తెలపండి. ఇంకా కావలసినవన్నీ, ఏ పాలసీ నిబంధన కింద అడుగుతున్నారో రాసి, ఒకే జాబితాగా పంపండి. అన్నిటికీ ఒకేసారి జవాబిస్తాను."

కంపెనీ ఫిర్యాదుల విభాగానికీ దీని ప్రతి పంపాను.

వచ్చిన జాబితాలో రెండే అంశాలున్నాయి. ల్యాబ్ రిపోర్టు ఫైలుకు పాస్‌వర్డ్ ఉండటంతో వాళ్ల దగ్గర తెరుచుకోలేదు. జబ్బు లక్షణాలు మొదట ఎప్పుడు కనిపించాయో డాక్టరు రాయలేదు. "రిపోర్టు పంపండి" అన్న మాటలో ఈ పాస్‌వర్డ్ సంగతి ఎక్కడుంది? పాస్‌వర్డ్ తీసేసిన రిపోర్టునూ, డాక్టరు రాసిచ్చిన ధ్రువీకరణనూ ఒకే మెయిల్‌లో పంపాను. ఆ తర్వాత ప్రశ్నలు రాలేదు, క్లెయిము పరిష్కారమైంది.

ఈ ఉత్తరం అడ్డుగోడను తొలగిస్తుందే తప్ప, పాలసీలో లేని ఖర్చును ఇప్పించదు.