పాత గ్రాఫిక్స్ కార్డు కొనడం – 3వ పాఠం: గది వేడి తీసేసి లెక్క చూడండి

పోయిన పాఠంలో ప్రకటన ఎలా చదవాలో, కార్డు వివరాలు చూపించే GPU-Z తెరిచి నకిలీ కార్డును ఎలా పట్టుకోవాలో చూశాం. ఈసారి కార్డు అసలుదే, పని కూడా చేస్తోంది. క్రిప్టో నాణేలు తవ్వే మైనింగ్‌లో అది ఎంత నలిగింది, మన సీమ ఎండలకు నిలుస్తుందా అన్నదే తేల్చాలి.

ఉదాహరణకు RTX 3080, 10 జీబీ కార్డు తీసుకుందాం. అనంతపురం సాయినగర్‌లో ఉండే ఒక ఇంజినీరింగ్ కుర్రాడికి బెంగళూరులో ఒకాయన 27,000 చెప్పాడు. మన దగ్గరికి వచ్చే పాత కార్డుల్లో చాలావరకు అటు బెంగళూరు నుంచో, ఇటు హైదరాబాద్ నుంచో వచ్చేవే. అసలు చిక్కు అక్కడే ఉంది. అక్కడ ఏసీ గదిలో చల్లగా కనిపించిన కార్డు, మే నెలలో మన మేడ మీది గదికి వచ్చేసరికి తన్నేస్తుంది.

మైనింగ్ దేన్ని అరగదీస్తుంది?

2022 సెప్టెంబరు 15న ఎథీరియం అనే క్రిప్టో నాణెం మైనింగ్ పద్ధతిని వదిలేసింది. అప్పటిదాకా దాన్ని తవ్వినవాళ్లకు కార్డులోని మెయిన్ చిప్‌తో కంటే మెమరీతోనే ఎక్కువ పని. అందుకని చిప్‌కు కరెంటు తగ్గించి, మెమరీ వేగాన్ని పెంచి రాత్రింబగళ్లు నడిపేవారు. 3080లో ఉండేది GDDR6X మెమరీ, మామూలుగానే వేడెక్కే రకం. మెమరీ చిప్పుల వేడిని హీట్‌సింకుకు అందించే మెత్తటి థర్మల్ ప్యాడ్లు ఆ వేడికి గట్టిపడిపోతాయి, వాటిలోని నూనె బయటికి కారుతుంది. ఫ్యాన్ల బేరింగులు అరుగుతాయి. మెయిన్ చిప్ మాత్రం చాలాసార్లు బాగానే ఉంటుంది.

అందుకే "మైనింగ్ కార్డా, అయితే వద్దే వద్దు" అనేవాళ్లతో నేను ఏకీభవించను. ప్యాడ్లు, ఫ్యాన్లు మార్చుకోవచ్చు. మెమరీయే దెబ్బతింటే మాత్రం దాని జోలికి పోకూడదు. ఆ తేడా పట్టుకోవడమే ఈ పాఠం.

కార్డు చేతికి వచ్చాక

"మైనింగ్‌లో వాడారా అన్నా?" అని అడిగితే "లేదు తమ్ముడూ, ఎప్పుడో ఆదివారం గేములాడేవాణ్ని" అనే జవాబే వస్తుంది. దాని బదులు "ప్యాడ్లు ఎప్పుడైనా మార్పించారా అన్నా?" అని అడగండి. ఆదివారం గేములాడేవాళ్లలో చాలామందికి ప్యాడ్లంటే ఏంటో తెలియదు. "ఆ, పోయినేడే మార్పించాను" అన్నాడంటే కార్డు గతం ఏంటో కొంత తెలిసినట్టే. అలాగని అది చెడ్డ వార్తేమీ కాదు.

తర్వాత ఫోన్ టార్చి వేసి, హీట్‌సింకుకూ బోర్డుకూ మధ్య ఉన్న సందులోకి పక్కనుంచి చూడండి. మెమరీ చిప్పులు మెయిన్ చిప్ చుట్టూ ఉంటాయి. అక్కడ జిడ్డు మెరుస్తూ, దానికి దుమ్ము అతుక్కుని నల్లటి చారలా కనిపిస్తే ప్యాడ్ల నూనె కారిందని అర్థం. కేవలం పొడి దుమ్మయితే పట్టించుకోకండి, మన ఊళ్లలో దుమ్ము లేని కంప్యూటర్ ఎక్కడుంది! ఒక్కో ఫ్యాన్‌ను వేలితో మెల్లగా తిప్పండి. గరగరమన్నా, పైకీ కిందికీ ఊగినా దాని ఖర్చును ధరలోంచి తీసేయాలి.

పరీక్ష

రెండు మూడొందలకు దొరికే గది థర్మామీటర్ ఒకటి వెంట తీసుకెళ్లండి. ఈ పరీక్షలో ముఖ్యమైన పరికరం అదే. కార్డును వాళ్ల కంప్యూటర్‌లోనే, క్యాబినెట్ మూత పెట్టించి నడపమనండి. ఫ్యాన్ వేగాన్ని మార్చే MSI Afterburnerలో ఫ్యాన్‌ను 70 శాతం వేగం దగ్గర కదలకుండా పెట్టేయండి. లేకపోతే వేడితోపాటు ఫ్యాన్ వేగమూ మారి లెక్క చెడుతుంది. కార్డుకు గట్టిగా పని పెట్టే Unigine Heavenను పెద్ద రిజల్యూషన్‌లో 20 నిమిషాలు వదిలేసి, వేడి అంకెలు చూపించే HWiNFO64లో మూడింటిని రాసుకోండి: GPU Temperature, GPU Hot Spot Temperature, GPU Memory Junction Temperature.

మన కుర్రాడు రాసుకున్నవి ఇవి: గది 26 డిగ్రీలు, చిప్ 68, చిప్‌లో అన్నిటికంటే వేడి చోటైన హాట్‌స్పాట్ 82, మెమరీ 94. చిప్‌కూ హాట్‌స్పాట్‌కూ తేడా 14. అది 20 దాటితే చిప్ మీది పేస్టు ఎండిందేమోనని అనుమానించాలి. ఇక్కడ ఆ బాధ లేదు.

ఇక మెమరీ. 94 అనగానే అమ్మే అన్న "ఈ కార్డుకు అది మామూలే" అన్నాడు. ఆ గదిలో అది నిజమే. కానీ 94లోంచి గది వేడి 26 తీసేస్తే 68 మిగులుతుంది. అంటే మెమరీ గది గాలి కంటే 68 డిగ్రీలు ఎక్కువ వేడెక్కుతోంది. మే నెల మధ్యాహ్నం అనంతపురంలో ఏసీ లేని గది 38 ఉంటుందనుకుందాం. 38కి 68 కలిపితే 106. GDDR6X మెమరీ 110 దగ్గరికి వస్తే కార్డు తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించేసుకుంటుంది. అంటే నాలుగు డిగ్రీలే మిగిలాయి, క్యాబినెట్‌లో గాలి సరిగా ఆడకపోతే అవీ ఉండవు. గేము మధ్యలో ఉన్నట్టుండి నత్తనడక మొదలవుతుంది, వేగం ఎందుకు ఆగిందో చెప్పే GPU-Zలోని PerfCap Reason దగ్గర, వేడి వల్ల అని చెప్పే Thrm కనిపిస్తుంది. Pwr అని ఉంటే కరెంటు హద్దు తగిలిందని అర్థం, కంగారు పడకండి, అది మామూలే.

ఈ లెక్క డిగ్రీకి డిగ్రీ సరిపోదు. ఇంట్లో ఫ్యాన్‌ను ఇంకా వేగంగా తిప్పితే కొంత దిగుతుంది. కొనాలా వద్దా అనేది తేల్చడానికి మాత్రం చాలు. ఇంకో సంగతి: 3060, 3070 లాంటి GDDR6 కార్డుల్లో HWiNFO64 మెమరీ వేడిని చూపించదు, కాబట్టి వాటికి ఈ తీసివేత కుదరదు. అక్కడ నూనె చారలనూ, కింద చెప్పే పరీక్షనూ నమ్ముకోవాలి.

ప్యాడ్లు పాతబడ్డాయని తేలింది. మెమరీ సంగతేంటి? కార్డు వేడిగా ఉండగానే, కంప్యూటర్ భాగాలను పరీక్షించే OCCTలో కార్డు మెమరీకి సంబంధించిన VRAM పరీక్ష పెట్టి, 80 శాతం మెమరీ తీసుకునేలా అరగంట నడపండి. తప్పుల సంఖ్య సున్నా ఉండాలి. ఒక్కటి వచ్చినా, ఎంత తగ్గించి ఇస్తానన్నా లేచి వచ్చేయండి. మెమరీ వేగాన్ని పెంచి, అంటే ఓవర్‌క్లాక్ చేసి ఉంచారేమో Afterburnerలో చూసి, ఉంటే రీసెట్ కొట్టి ఇంకోసారి నడపడం న్యాయం. మన కుర్రాడికి సున్నానే వచ్చింది.

ధర

మార్కెట్ ధరలు నెలనెలా మారతాయి కాబట్టి పద్ధతి పట్టుకోండి, అంకెలు మీవి వేసుకోండి. పాత 3080 కొత్తలో ఎంత పలికిందన్నది మనకు అనవసరం. ఈరోజు గేముల్లో దానికి దగ్గరగా నడిచే కొత్త కార్డు RTX 4070 తరగతిది. అలాంటిది వారంటీతో 50,000కు దొరుకుతోందనుకుందాం. బిల్లుతో, ఒంటి మీద మచ్చ లేకుండా ఉన్న పాత కార్డుకైనా నేను అందులో 55 శాతం దాటను, అంటే 27,500.

ఇప్పుడు కోతలు. బిల్లు లేదు, వారంటీ లేదు: 2,500. ప్యాడ్లు, పేస్టు, మార్చే కూలి: 2,000. ఇంకొకటి ఎవరూ లెక్కేయరు, అది కరెంటు. 3080 తినేది 320 వాట్లు, 4070 తినేది 200. రోజుకు నాలుగు గంటలు ఆడితే ఏడాదికి సుమారు 175 యూనిట్లు తేడా. యూనిట్ ఆరు రూపాయలనుకున్నా రెండేళ్లకు 2,100. అన్నీ తీసేస్తే 20,900. చెప్పిన 27,000కు అది బాగా దూరం. అడగడం 19,000తో మొదలుపెట్టి, 21,000 దగ్గర ఆగిపోవాలి. బేరంలో "మైనింగ్ కార్డు కదా" అని దెప్పితే పోట్లాట తప్ప లాభం లేదు. HWiNFO64లో 94 చూపించి "మా ఊళ్లో ఇది 106 అవుతుందన్నా, ప్యాడ్లు మార్చుకోక తప్పదు" అనండి. అంకెను కాదనడం కష్టం.

మీ ఇంట్లో 750 వాట్ల పవర్ సప్లై లేకపోతే ఆ ఖర్చు కూడా ఇందులోంచే పోవాలి. ఈ కార్డుకు ఎన్‌విడియా చెప్పిన లెక్క అది.

ఈ వారం అభ్యాసం: మీ దగ్గరున్న కార్డునే తెల్లవారుజామున ఒకసారి, మధ్యాహ్నం మూడింటికి ఒకసారి ఇలాగే 20 నిమిషాలు నడిపి, గది వేడి తీసేసిన అంకెలను పక్కపక్కన రాయండి. రెండూ రెండు మూడు డిగ్రీల తేడాలో వస్తే మీ కొలత సరిగ్గా ఉన్నట్టే. వచ్చే పాఠంలో 3080 విప్పి ప్యాడ్లు మారుద్దాం, వాటి మందం తప్పితే ఏమవుతుందో అప్పుడు చూద్దాం.