పాత అద్దె ఒప్పందంలో ‘అతడు’ను మార్చేటప్పుడు

హైదరాబాదులో ఇళ్ల అద్దెకు ఏళ్లుగా వాడుతున్న తెలుగు ఒప్పంద నమూనాల్లో ‘అద్దెదారుడు’, ‘అతడు’ అనే మాటలే కనిపిస్తాయి. వాటిని స్త్రీపురుషులిద్దరికీ వర్తించేలా మార్చేటప్పుడు చాలామంది ‘అతడు’ ఉన్న ప్రతిచోటా ‘వారు’ అని పెడతారు. నేను దానిని సమ్మతించను, ఎందుకంటే ‘వారు’ ఒకరికి గౌరవవాచకమూ అవుతుంది, ఇద్దరికి బహువచనమూ అవుతుంది.

ఈ వాక్యం చూడండి: ‘అద్దెదారుడు యజమానికి తాళాలు అప్పగించిన పిమ్మట అతడు కరెంటు బిల్లు బకాయి చెల్లించవలెను.’ ఇక్కడ ‘వారు’ అని రాస్తే, బకాయి ఇద్దరూ కలిసి కట్టాలనే వాదనకు చోటు దొరుకుతుంది. సర్వనామాన్ని తీసేసి ‘అద్దెదారు బకాయి చెల్లించవలెను’ అని పాత్ర పేరునే మళ్లీ రాయండి. మాట పునరుక్తి అయినా బాధ్యత ఎవరిదో స్పష్టంగా ఉంటుంది. అయితే పాత వాక్యంలోని ‘అతడు’ ఎవరో మీకే తేలకపోతే, అది భాషా సవరణ కాదు, షరతును నిర్ణయించడమే అవుతుంది కనుక ఇరుపక్షాలనూ అడిగాకే మార్చాలి.

‘తన’, ‘తాను’ అనేవి ఎవరికైనా చెల్లుతాయి, వాటిని కదపనక్కరలేదు. అలాగే ‘చెల్లించవలెను’, ‘కోల్పోవును’ వంటి పాత క్రియారూపాల్లో లింగభేదం లేదు. ఆధునికంగా ఉండాలని వాటిని ‘చెల్లిస్తాడు’ అని మార్చితే, తీసేసిన పుంలింగం క్రియ చివర మళ్లీ వచ్చి చేరుతుంది.