నెలవారీ రివ్యూ ఎజెండా: చివరి అంశం దాకా ఎందుకు వెళ్లలేకపోతున్నాం?

జిల్లా వైద్య ఆరోగ్య శాఖ కార్యాలయంలో నెలవారీ రివ్యూకి ఎజెండా తయారు చేసే పని కొన్నాళ్లుగా నా మీద ఉంది. 22 పీహెచ్‌సీల మెడికల్ ఆఫీసర్లు, ప్రోగ్రాం ఆఫీసర్లు వస్తారు. ఉదయం 10:30 నుంచి ఒంటిగంట దాకా, అంటే 150 నిమిషాలు. అక్కడ పదే పదే ఎదురైన సమస్యలు ఇవి. మొదటిదే పెద్దది, మిగతావి చాలావరకు దాని పిల్లలే.

సమస్య: చివరి అంశాలు ప్రతి నెలా వచ్చే నెలకి వాయిదా పడుతున్నాయి

మా పాత ఎజెండాలో టీకాలకి 30 నిమిషాలు, గర్భిణుల నమోదుకి 30, టీబీకి 20, బీపీ షుగర్ స్క్రీనింగ్‌కి 20, మందుల నిల్వకి 20, ఇతర కార్యక్రమాలకి 15, ఇతరములకి 15 ఉండేవి. కూడితే సరిగ్గా 150. కాగితం మీద ముచ్చటగా ఉండేది. మందుల నిల్వ మాత్రం వరసగా మూడు నెలలు చర్చకే రాలేదు. మూడో నెలలో రెండు పీహెచ్‌సీల్లో కుక్కకాటు వ్యాక్సిన్ నిండుకుంది. పక్క మండలంలో మాత్రం కావలసినంత ఉంది. అటు నుంచి ఇటు పంపమని పది నిమిషాల్లో తేల్చగలిగిన విషయం అది.

కారణం వెతకడానికి ఒక నెల నేను గడియారం చూసి రాసుకున్నాను. మీటింగ్ 10:45కి మొదలైంది. టీకాల మీద ఒక్కో డాక్టరు లేచి తమ అంకెలు చదివారు, తలా మూడు నిమిషాలు. 22 మందికి 66 నిమిషాలు. అప్పటికి 11:51. గర్భిణుల మీద తలా రెండు నిమిషాలు, 44. అప్పుడు 12:35. టీబీ ముగిసేసరికి ఒంటిగంట. ఎవరూ ఎక్కువ మాట్లాడలేదు, చైర్‌లో ఉన్న సార్ తప్పు కూడా లేదు. అంశానికి సమయం ఇచ్చేటప్పుడు ఎంతమంది మాట్లాడతారో నేను లెక్కే వేయలేదు.

మీ మీటింగ్‌లోనూ ఇదే జబ్బా అని తెలుసుకోవాలంటే ప్రతి అంశం పక్కన మాట్లాడేవాళ్ల సంఖ్యని నిమిషాలతో గుణించండి. కేటాయించిన సమయం కంటే ఎక్కువ వస్తే జబ్బు అదే.

మందు ఏమిటంటే, అందరి చేతా అంకెలు చదివించడం మానేయడం. అంకెలు ముందే పంపే నోట్‌లో ఉంటాయి, మీటింగ్‌లో ఐదు పీహెచ్‌సీలే మాట్లాడతాయి. ఆ ఐదింటిని ఎలా ఎంచాలన్న దగ్గర నేను మొదట పప్పులో కాలేశాను. శాతం తక్కువ ఉన్నవాటిని తీసుకున్నాను. ఒక చిన్న పీహెచ్‌సీలో ఆ నెల టీకా వేయాల్సిన పిల్లలు 12 మంది, వేసింది 9 మందికి. అంటే 75 శాతం, అందుకని జాబితాలో పైకెక్కింది. ఇంకోచోట 90 మందికి 77 మంది, దాదాపు 86 శాతం, జాబితాలోనే లేదు. కానీ మొదటి చోట తప్పిపోయింది ముగ్గురు పిల్లలు, రెండో చోట 13 మంది. అప్పటి నుంచి తప్పిపోయిన పిల్లల సంఖ్యని బట్టి ఎంచుతున్నాం. ఒకే పీహెచ్‌సీ ప్రతి నెలా వస్తుంటే అక్కడ ఏఎన్‌ఎం పోస్టు ఖాళీగా ఉందేమో ముందే కనుక్కోవాలి. ఉంటే ఆ ప్రశ్న డాక్టరుకి కాదు, పోస్టింగులు చూసే సెక్షన్‌కి వేయాలి.

రెండో మార్పు, అంశాన్ని ప్రశ్నగా రాయడం. "మందుల నిల్వ" అని రాస్తే నిల్వల పట్టిక చదువుతారు. "నిండుకున్న మందులు ఏ పీహెచ్‌సీ నుంచి ఎక్కడికి పంపాలి?" అని రాస్తే తేల్చుకుని లేస్తారు. సవరించాక ఎజెండా ఇలా వచ్చింది:

| సమయం | అంశం | ఎవరు |
|---|---|---|
| 10:30–10:45 | గత నెల నిర్ణయాల్లో ఏవి మిగిలాయి? | స్టాటిస్టికల్ ఆఫీసర్ |
| 10:45–11:10 | నిండుకున్న మందులు ఎక్కడి నుంచి ఎక్కడికి? | డ్రగ్ స్టోర్ ఫార్మసిస్టు |
| 11:10–11:45 | టీకాలు: ఐదు పీహెచ్‌సీల్లో పిల్లలు ఎందుకు తప్పిపోయారు? | ఆ ఐదుగురు డాక్టర్లు |
| 11:45–11:55 | టీ | |
| 11:55–12:20 | మొదటి మూడు నెలల్లో నమోదు కాని గర్భిణులు: మూడు పీహెచ్‌సీలు | ఆ ముగ్గురు డాక్టర్లు |
| 12:20–12:40 | టీబీ: మధ్యలో మందులు ఆపేసినవాళ్లు | టీబీ ప్రోగ్రాం ఆఫీసర్ |
| 12:40–12:50 | ఖాళీ | |
| 12:50–1:00 | నిర్ణయాలు, బాధ్యులు, గడువు చదవడం | నోట్స్ రాసేవారు |

బీపీ షుగర్ స్క్రీనింగ్‌ని నెల విడిచి నెలకి మార్చాం. టీకాల 35 నిమిషాల్లో ఐదుగురికి తలా ఐదు పోతే పది నిమిషాలు నిర్ణయానికి మిగులుతాయి. ఆ పది ముఖ్యం. ఖాళీ పది నిమిషాలు చూసి "ఇదేంటి, ఇక్కడ ఏదైనా పెట్టండి" అంటారు. పెట్టకండి. ఆలస్యంగా మొదలైనప్పుడు ముందు కరిగేది అదే.

సమస్య: చర్చంతా అంకెల మీద గొడవతో సరిపోతోంది

"సార్, మా రిజిస్టర్‌లో 41 ఉంది, మీరు 36 వేశారు." ఈ మాట వచ్చిందంటే కనీసం పది నిమిషాలు పోయినట్టే. చాలాసార్లు ఇద్దరి అంకెలూ నిజమే. పోర్టల్ నుంచి మేం షీట్ తీసిన రోజుకి ఆ ఐదు ఎంట్రీలు ఎక్కి ఉండవు. లేదా వేరే ఊరి నుంచి పుట్టింటికి వచ్చిన గర్భిణిని ఒకరు ఇక్కడ లెక్కేసుకుంటే, ఇంకొకరు సొంత ఊరి లెక్కలో వేస్తారు.

అందుకని నోట్ పైన మూడు విషయాలు రాస్తున్నాం: ఏ పోర్టల్ నుంచి తీశాం, ఏ తేదీ ఏ గంటకి తీశాం, ఎవరిని లెక్కలోకి తీసుకున్నాం. తప్పులుంటే మీటింగ్‌కి రెండు రోజుల ముందు సాయంత్రంలోగా చెప్పాలి. ఆ తర్వాత వచ్చిన అభ్యంతరం విడి కాగితం మీదకి వెళ్తుంది, మీటింగ్‌లో తేల్చరు. మొదటి నెల విసుక్కున్నారు. రెండో నెల ఫోన్లు ముందే వచ్చాయి.

సమస్య: ముందే పంపిన నోట్ ఎవరూ చదవడం లేదు

రాత్రి తొమ్మిదింటికి వాట్సాప్ గ్రూపులో 38 పేజీల పీడీఎఫ్ పడేస్తే ఎవరు చదువుతారు? పైగా చదివినవాళ్లకి తెల్లారి అదే స్క్రీన్ మీద మళ్లీ వినిపిస్తాం. ఇక చదవడం దేనికి?

నోట్ రెండు పేజీలకి తగ్గించాం. మొదటి పేజీలో 22 పీహెచ్‌సీల పట్టిక, రెండో పేజీలో ఎవరు ఏ ప్రశ్నకి జవాబుతో రావాలో వాళ్ల పేరుతో సహా. మూడు పని దినాల ముందు పంపుతాం. తన పేరు పక్కన ప్రశ్న కనిపిస్తే ఎంత పనిలో ఉన్న డాక్టరైనా ఆ పేజీ తెరుస్తారు. పట్టికని స్క్రీన్ మీద చదివించడం పూర్తిగా ఆపేయాలి, లేకపోతే ఇదంతా వృథా.

సమస్య: చెప్పాల్సిన మనిషి రాలేదు

ఎజెండాలో హోదా రాసి వదిలేస్తే, ఆ రోజు వాళ్లు క్యాంపులో ఉంటే వేరెవరో వచ్చి "మేడమ్‌ని అడిగి చెప్తాను" అంటారు. మనిషి పేరు, బదులుగా వచ్చేవారి పేరు రెండూ రాయాలి. తేదీ ఖరారు చేసేముందు పల్స్ పోలియో లాంటివి ఆ వారంలో ఉన్నాయేమో చూసుకోవాలి.

సమస్య: పై నుంచి ఫోన్ వచ్చి అరగంట పోయింది

దీన్ని ఆపలేం. వీడియో కాన్ఫరెన్స్ అంటే వెళ్లాల్సిందే. ఏ అంశం వదిలేయాలో అప్పటికప్పుడు నిర్ణయిస్తే ఎప్పుడూ చివరిదే పోతుంది. అందుకే మా ఆఫీసు కాపీలో అదనంగా ఒక గడి ఉంటుంది: అరగంట తగ్గితే ఏది పోతుంది అని. ముందురోజు సార్‌కి చూపించి పెన్సిల్‌తో టిక్ పెట్టించుకుంటాను. మందుల వరసకి మాత్రం ఇప్పటిదాకా ఆ టిక్ పడలేదు.