గిత్త ఫొటోను ఆయిల్ పెయింటింగ్‌లా మార్చే ముందు వెనకున్న గందరగోళం తీసేయడం ఎలా?

సంక్రాంతికి ఒంగోలు పక్క ఊళ్లో బండలాగుడు పోటీలప్పుడు మా మామయ్య వాళ్ల గిత్తను ఫోన్‌తో ఫొటో తీశాను. గిత్త చక్కగా వచ్చింది. వెనక మాత్రం ఆకుపచ్చ టార్పాలిన్, మైకు స్తంభం, జనం. దాన్ని ఆయిల్ పెయింటింగ్‌లా చేసి, 18×12 అంగుళాల ఫ్రేమ్ కట్టించమన్నాడు మామయ్య. నేరుగా ఫిల్టర్ వేస్తే గిత్త మూపురం, వెనక మనిషి తెల్లచొక్కా కలిసి ఒకే ముద్ద అయ్యాయి.

ఆయిల్ ఫిల్టర్‌కు గిత్త ఏదో చొక్కా ఏదో తెలియదు. ఒక్కో చుక్క చుట్టూ కొంత మేర చూసి, అక్కడ ఏ ఛాయ ఎక్కువుంటే దాన్నే పులుముతుంది. అందుకే ముందు గిత్తను విడదీసి ఖాళీ చోట నిలబెట్టాలి, ఫిల్టర్ చివర్లో వేయాలి. ఉచితంగా దొరికే GIMP 2.10లో నేను చేసిన వరస ఇది.

1. అంచు గీయడం

B నొక్కితే Paths పరికరం వస్తుంది. గిత్త చుట్టూ క్లిక్ చేస్తూ, వంపు ఉన్నచోట గీతను లాగి వంచుతూ రండి. గీత గిత్త అంచు మీద కాకుండా ఒకటి రెండు పిక్సెళ్లు లోపలికి ఉండాలి. సరిగ్గా అంచు మీద తెలుపు, టార్పాలిన్ పచ్చ కలిసిపోయి ఉంటాయి. చుట్టూ తిరిగి వచ్చాక Ctrl పట్టుకుని మొదటి చుక్క మీద క్లిక్ చేసి, Enter కొట్టండి. Select → Featherలో 2 పిక్సెళ్లు ఇవ్వండి. ఆ తర్వాత Layer → Mask → Add Layer Maskలో Selection ఎంచుకోండి. అది అయ్యాక Select → None కొట్టండి, లేకపోతే ఎంచుకున్న భాగం బయట ఏ రంగూ పడదు. వెనక భాగాన్ని Delete కొట్టకండి. మాస్క్ బొమ్మను చెరపదు, కప్పి ఉంచుతుంది. కాబట్టి పొరపాటున చెవి తెగినా మాస్క్ మీద తెల్లరంగు పూసి తిరిగి తెచ్చుకోవచ్చు. తోకకీ కాలికీ మధ్య చిక్కిన పచ్చ సందును మాస్క్ మీద నల్లరంగుతో కప్పేయండి.

2. అంచు పరీక్ష

తెల్ల గిత్తను తెల్ల నేపథ్యం మీద చూస్తే తప్పులు కనబడవు. కింద ముదురు ఎరుపు లేయర్ ఒకటి పెట్టి చూడండి. నాకు గంగడోలు పొడవునా పచ్చ అంచు బయటపడింది. సన్నని గీతైతే ఫిల్టర్‌లో కలిసిపోవచ్చు గానీ, ఐదారు పిక్సెళ్ల పచ్చదనం మురికి కుంచె గీతలా మిగిలిపోతుంది. లేయర్ల పట్టీలో మాస్క్‌ను కాకుండా బొమ్మను ఎంచుకుని, Clone పరికరంతో లోపలి చర్మం రంగును అంచు దాకా పులమండి. మాస్క్ ఉంది కాబట్టి రంగు బయటికి పోదు.

3. ఖాళీ చోటు

ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. నేను ముందు కొత్తపట్నం బీచ్‌లో పొద్దున తీసిన ఫొటో వాడాను. మన సముద్రం తూర్పున ఉంటుంది కాబట్టి ఆ ఫొటోలో సూర్యుడు ఎదురుగా ఉన్నాడు. గిత్తనేమో సాయంత్రం నాలుగింటికి, ఎండ నా వీపు వెనక ఉండగా తీశాను. రెండూ కలిపితే కత్తిరించి అంటించినట్టే ఉంది. మళ్లీ వెళ్లి సాయంత్రం అదే బీచ్‌ను తీశాక అతికింది.

సముద్రపు గీత ఎత్తు కూడా చూడాలి. చదునైన నేల మీద దిగంతం ఎప్పుడూ కెమెరా ఎత్తులోనే కనిపిస్తుంది. నేను నిలబడి దాదాపు ఐదడుగుల ఎత్తు నుంచి తీశాను, గిత్త మూపురం కూడా అంత ఎత్తే. కాబట్టి సముద్రపు గీత మూపురం దగ్గరికి రావాలి. కాళ్ల దగ్గర పెడితే గిత్త కొండంత కనిపిస్తుంది.

4. నీడ

గిత్తకు, ఇసుకకు మధ్య కొత్త లేయర్ పెట్టి, Mode దగ్గర Multiply ఎంచుకోండి. గిట్టలు నేలను తాకేచోట ముదురు గోధుమరంగుతో చిక్కగా, అక్కణ్ణుంచి వెనక్కి పోయేకొద్దీ పల్చగా పూయండి. ఎండ నా వెనక నుంచి వచ్చింది కాబట్టి నీడ గిత్త వెనక్కే పడాలి. మైదానంలో గిట్టలు మట్టిలో కొంచెం దిగి ఉన్నాయి. మాస్క్ మీద గిట్టల అడుగున మెత్తని కుంచెతో నలుపు పూస్తే ఇసుకలో దిగినట్టు కుదిరింది.

5. ఇక ఫిల్టర్

XCFగా సేవ్ చేసి, ఎర్ర లేయర్ తీసేసి, Layer → New from Visible నొక్కండి. గిత్తకు వేరుగా, ఇసుకకు వేరుగా ఫిల్టర్ వేయకండి. అలా వేస్తే అంచు కత్తెర గీతలాగే ఉండిపోతుంది. కలిపి వేస్తేనే కుంచె గీతలు రెండింటి మీదుగా సాగుతాయి.

ఈ లేయర్‌ను ముందే నకలు తీసి పెట్టుకోండి. Filters → Artistic → Oilifyలో Mask Radius 8 ఇచ్చాను, ఫొటో వెడల్పు 3600 పిక్సెళ్లు. ఒళ్లు బాగా వచ్చింది, కన్ను మాత్రం మాయమైంది. నకలుకు 3 ఇచ్చి, పైన పెట్టి, దానికి నల్ల మాస్క్ వేసి, కన్ను, మూతి, ముకుతాడు దగ్గర మాత్రమే తెల్లరంగుతో బయటికి తెచ్చాను.

తోక కుచ్చులో ఒక్కో వెంట్రుకనూ కత్తిరించడానికి నేను గంటసేపు కూర్చున్నాను. ఆ సన్న వెంట్రుకలన్నీ Oilifyలో కలిసిపోయాయి. కుచ్చును మొత్తంగా గీసి, ఫిల్టర్ అయ్యాక సన్న కుంచెతో నాలుగైదు నల్ల గీతలు లాగితే చాలు.