నివేదిక నుంచి నిర్ణయ పట్టిక: 3వ పాఠం - ఖర్చు గడి నింపడం

పోయిన పాఠంలో కన్సల్టెంట్ నివేదికలోని సిఫార్సులన్నీ పేజీ నంబర్లతో సహా ఏరి రాసుకున్నాం. ఇప్పుడు వాటిని యాజమాన్యం అవుననో కాదనో తేల్చగలిగే పట్టిక వరుసలుగా మార్చాలి. ఒక్కో వరుసలో ఐదు గడులుంటాయి: సిఫార్సు, ఎందుకు, ఖర్చు, ప్రాధాన్యం, బాధ్యులు.

ఒక గోదాము మీద వచ్చిన నివేదిక అనుకుందాం. 12వ పేజీలో ‘సరకు లెక్కల్లో కచ్చితత్వం పెంచాలి’ అని ఉంది. 31లో బార్‌కోడ్ స్కానర్లు కొనమన్నారు, 47లో సిబ్బందికి శిక్షణ ఇమ్మన్నారు. అనుబంధంలో ఎక్కడో ఒక మూల, సరకు కోడ్‌ల జాబితాలో ఒకే వస్తువుకు రెండేసి కోడ్‌లున్నాయి, సరిచేయాలని రాశారు. చూడ్డానికి నాలుగు సిఫార్సులు. మొదటిది అసలు సిఫార్సే కాదు, లక్ష్యం. దాన్ని ‘ఎందుకు’ అన్న గడిలోకి పంపండి. మిగతా మూడూ కలిస్తేనే ఒక పని అవుతుంది. విడిగా పెడితే, స్కానర్లకు సరేనని మిగతా రెండూ వాయిదా వేసే ప్రమాదముంది.

ఇక ఖర్చు. నివేదికలో స్కానర్ల ధర 6 లక్షలని మాత్రమే ఉంది. కన్సల్టెంట్లు సాధారణంగా కొనే వస్తువుకు ధర వేస్తారు, మన మనుషుల సమయానికి వేయరు. దాన్ని మనమే అడిగి తెలుసుకోవాలి. 40 మందికి ఒక్కో రోజు శిక్షణంటే 40 పనిదినాలు. కోడ్‌లు సరిచేయడానికి ఇద్దరికి ఆరు వారాలు, వారానికి ఐదు రోజుల లెక్కన 60 పనిదినాలు. స్కానర్లతో వాడే సాఫ్ట్‌వేర్ లైసెన్సుకు ఏటా లక్షన్నర. ఈ మూడు రకాలనూ కలిపి ఒకే అంకె వేయకండి. ఒక్కసారి పెట్టేది, ఏటా పెట్టేది, పనిదినాలు వేర్వేరుగా ఉండాలి. ఏ అంచనా కన్సల్టెంట్‌ది, ఏది మనదో పక్కనే రాయండి. సమావేశంలో మొదట అడిగేది అదే.

ప్రాధాన్యం దగ్గర అన్నిటికీ ‘అధికం’ అని రాస్తే ఆ గడి ఉన్నా లేనట్టే. ఏది ముందు జరగకపోతే ఏది ఆగిపోతుందో చూడండి. కోడ్‌లు సరిచేయకుండా స్కానర్లు తెస్తే తప్పుడు లెక్కలే ఇంకా వేగంగా వస్తాయి. అందుకే అనుబంధంలో దాక్కున్న పని మొదటి మెట్టవుతుంది.

బాధ్యుల గడిలో విభాగం పేరు కాదు, ఒక్క మనిషి హోదా ఉండాలి. ఇక్కడ గోదాము మేనేజర్. సమావేశానికి ముందే ఆయన్ని అడగండి. ఇంకా ఒప్పుకోకపోతే ‘ప్రతిపాదన’ అని రాయండి. పూర్తయిన వరుస ఇలా ఉంటుంది:

సిఫార్సు: కోడ్‌లు సరిచేసి, శిక్షణ ఇచ్చి, స్కానర్లు పెట్టడం (పే. 31, 47, అనుబంధం)
ఎందుకు: సరకు లెక్కల్లో కచ్చితత్వం (పే. 12)
ఖర్చు: ఒక్కసారి 6 లక్షలు (కన్సల్టెంట్), ఏటా 1.5 లక్షలు, 100 పనిదినాలు (మన అంచనా)
ప్రాధాన్యం: 1, ముందు కోడ్‌లు
బాధ్యులు: గోదాము మేనేజర్ (ప్రతిపాదన)

అభ్యాసం: మీ జాబితాలో కేవలం కొనుగోలు ధర ఉన్న ఒక సిఫార్సు తీసుకుని, ఆ పని చేయాల్సిన వాళ్లను అడిగి పనిదినాలు నింపండి. కన్సల్టెంట్ మాటతో మనం ఏకీభవించని చోట ఆ విషయం పట్టికలో ఎలా రాయాలో 4వ పాఠంలో చూద్దాం.