2001 నుంచి 2011కి ఏ జిల్లా ఎంత ఎక్కింది? స్లోప్ చార్ట్ గీసే పద్ధతి

మా డెల్టాలో ఎవరిని అడిగినా చదువులో పశ్చిమ గోదావరి ముందుంటుందనే చెబుతారు. జనాభా లెక్కలూ ఆ మాటే అంటాయి. కోస్తాలోని ఐదు పాత జిల్లాలను అక్షరాస్యత ప్రకారం వరసలో పెడితే 2001లో పశ్చిమ గోదావరి, కృష్ణా, తూర్పు గోదావరి, గుంటూరు, విశాఖపట్నం. 2011లోనూ అదే వరస, ఒక్క స్థానం కూడా మారలేదు. ర్యాంకులు మాత్రమే చూసినవాళ్లు పదేళ్లలో ఏమీ జరగలేదనుకుంటారు. జరిగింది చాలా ఉంది. అది కనబడాలంటే ఒక్కో జిల్లా రెండు సంవత్సరాల విలువలను ఒక వాలు గీతతో కలిపి చూపే స్లోప్ చార్ట్ గీయాలి.

మొదటిసారి కంప్యూటర్ జోలికి పోకుండా గ్రాఫ్ కాగితం మీదే గీయండి. 12 సెంటీమీటర్ల ఎడంతో రెండు నిలువు గీతలు గీసి, ఎడమ గీత పైన 2001 అని, కుడి గీత పైన 2011 అని రాయండి. రెండింటికీ స్కేలు ఒకటే ఉండాలి: అడుగున 58, పైన 76, ఒక శాతానికి ఒక సెంటీమీటరు. ఎడమకో స్కేలు, కుడికో స్కేలు పెడితే వాలుకు అర్థమే ఉండదు.

ఇప్పుడు ఒక్కో జిల్లాకు రెండు చుక్కలు పెట్టి, స్కేలుబద్దతో కలపండి. పశ్చిమ గోదావరి 73.5 నుంచి 74.6కి, కృష్ణా 68.9 నుంచి 73.7కి, తూర్పు గోదావరి 65.5 నుంచి 71.0కి, గుంటూరు 62.5 నుంచి 67.4కి, విశాఖపట్నం 60.0 నుంచి 66.9కి.

పశ్చిమ గోదావరి గీత గీసేటప్పుడే సంగతి తెలిసిపోతుంది. పదేళ్లకు అది ఎక్కింది సెంటీమీటరు పైచిలుకే. తూర్పు గోదావరి గీత ఐదున్నర సెంటీమీటర్లు, విశాఖ గీత దాదాపు ఏడు సెంటీమీటర్లు పైకి పోతాయి. ఉభయ గోదావరుల మధ్య 8 శాతం పాయింట్లున్న దూరం 3.6కి తగ్గింది. పైనున్న జిల్లాకు ఎక్కడానికి చోటు తక్కువ కదా అనొచ్చు. కానీ దాని కిందే ఉన్న కృష్ణా దాదాపు ఐదు పాయింట్లు ఎక్కి, ఒక్క పాయింటు కంటే తక్కువ దూరంలోకి వచ్చేసింది. మరి పశ్చిమ గోదావరి ఒక్కటే ఎందుకు నెమ్మదించింది? ఈ ప్రశ్న పట్టికలో కంటికి ఆనదు. కారణం ఏమిటన్నది మాత్రం ఈ బొమ్మ చెప్పదు, దానికి వేరే లెక్కలు తీయాలి.

ఎక్సెల్‌లో చేసేవాళ్లు మొదటి నిలువు వరసలో జిల్లాల పేర్లు, పక్క రెండింటిలో విలువలు వేయాలి. తలకట్టులో సంవత్సరం ముందు అపాస్ట్రఫీ పెట్టి `'2001` అని కొట్టండి. లేకపోతే సంవత్సరాన్ని కూడా విలువే అనుకుని దానికీ చుక్క పెట్టే ప్రమాదం ఉంది. పట్టికంతా ఎంచుకుని Insert లో Line with Markers నొక్కండి. చాలామంది ఆగిపోయేది ఇక్కడే: అడుగున సంవత్సరాలకు బదులు ఐదు జిల్లాలు వచ్చి, రెండే గీతలు కనిపిస్తాయి. Chart Design లో Switch Row/Column నొక్కితే ఐదు గీతలూ వస్తాయి. తర్వాత Format Axis లో Minimum 58, Maximum 76 ఇవ్వండి. బార్ చార్టయితే సున్నా నుంచే మొదలుపెట్టాలి. ఇక్కడ కన్ను చూసేది వాలును, స్థానాన్ని కాబట్టి ఆ పట్టింపు లేదు. అయితే స్కేలు బిగించేకొద్దీ చిన్న మార్పు కూడా కొండలా కనిపిస్తుంది. అందుకే చివర్లలో అంకెలు తప్పక రాయాలి.

పక్కన రంగుల డబ్బాలతో వచ్చే పేర్ల పెట్టె తీసేయండి. పేరు గీత చివరే ఉంటే చూసేవాళ్లు కళ్లు అటూ ఇటూ తిప్పుకోనక్కర్లేదు. కుడివైపు గుంటూరు 67.4, విశాఖ 66.9 పేర్లు ఒకదాని మీద ఒకటి పడతాయి. అప్పుడు పేరును మౌస్‌తో కాస్త జరపండి, చుక్కను మాత్రం ముట్టుకోకండి. రంగు విషయంలో నా అలవాటు ఒకటే: చెప్పదలచుకున్న జిల్లాలకే రంగు, ఇక్కడ ఉభయ గోదావరులకు, మిగతా మూడూ బూడిద రంగులో.

ఇదే చార్టుకు కొత్త జిల్లాల అంకెలు అతికించాలనుకుంటే జాగ్రత్త. 2022లో జిల్లాలను విడదీశాక ఏలూరు విడిగా వెళ్లింది, అమలాపురం కేంద్రంగా కోనసీమ జిల్లా వచ్చింది. భీమవరం కేంద్రంగా ఉన్న ఇప్పటి పశ్చిమ గోదావరికీ 2011 నాటి పశ్చిమ గోదావరికీ పేరు ఒకటే, హద్దులు వేరు. ఆ రెండింటినీ ఒక గీతతో కలపాలంటే ముందు మండలాల వారీ లెక్కలు తీసి, కొత్త హద్దుల ప్రకారం పాత అంకెను మళ్లీ కట్టాలి.