ఉద్యోగంలో ఉంటూనే లింక్డ్‌ఇన్‌లో Open to work పెట్టుకునే విధానం, వచ్చే మెసేజ్‌లకు జవాబులు

మా పిన్ని కూతురు తిరుపతిలో ఉంటుంది. రోజూ కంపెనీ బస్సెక్కి శ్రీసిటీలోని ఒక ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీకి వెళ్లి వస్తుంది, క్వాలిటీ ఇంజనీరు. నాలుగేళ్లుగా అదే పని, జీతం పెద్దగా పెరగలేదు. వేరే ఉద్యోగం చూసుకోవాలని ఉన్నా, ఆ సంగతి మేనేజరుకు తెలిస్తే ఏమవుతుందోనని టెన్షన్. ఇద్దరం ఒక ఆదివారం కూర్చుని ఆమె లింక్డ్‌ఇన్ ప్రొఫైల్ సరిచేశాం. అప్పుడు చేసిన పనులను అదే వరుసలో ఇక్కడ రాస్తున్నాను. ఉద్యోగం వదలకుండా మరో ఉద్యోగం వెతికేవాళ్ల కోసమే ఇది.

కొత్త ఉద్యోగానికి సిద్ధంగా ఉన్నామని, కంపెనీలకు మనుషుల్ని వెతికిపెట్టే రిక్రూటర్లకు తెలిపే సెట్టింగే Open to work. దీనికి ఫీజు లేదు, ప్రీమియం తీసుకోనక్కరలేదు. మామూలు ఖాతా చాలు.

మొదట చేయాల్సింది: ఇప్పటి కంపెనీ పేరు సరిగ్గా ఉందో లేదో చూడడం

చాలామంది దీన్ని వదిలేసి నేరుగా Open to work నొక్కుతారు. ఎందుకు ముందు చూడాలో చెబుతాను.

ఈ సెట్టింగ్‌ను ఇద్దరిలో ఎవరికి చూపించాలో మనం ఎంచుకోవచ్చు. All LinkedIn members అంటే అందరికీ. అది పెడితే ఫొటో చుట్టూ ఆకుపచ్చ పట్టీ వస్తుంది, పక్క సీటులోని సహోద్యోగికీ కనిపిస్తుంది. Recruiters only అంటే, డబ్బు కట్టి లింక్డ్‌ఇన్ రిక్రూటర్ అనే సేవను వాడేవాళ్లకు మాత్రమే. అందులోనూ మన సొంత కంపెనీ, దాని అనుబంధ కంపెనీల రిక్రూటర్లకు కనిపించకుండా చూస్తామని లింక్డ్‌ఇన్ చెబుతుంది. అయితే పూర్తి గోప్యతకు హామీ ఇవ్వలేమని కూడా అక్కడే రాసి ఉంటుంది.

మన సొంత కంపెనీ ఏదో లింక్డ్‌ఇన్‌కు ఎలా తెలుస్తుంది? Experience విభాగంలో మనం రాసిన పేరును బట్టే. మా చెల్లెలు కాలేజీ నుంచి వచ్చిన కొత్తలో కంపెనీ పేరును తనకు తోచిన స్పెల్లింగ్‌తో టైప్ చేసేసింది. కంపెనీ అధికారిక పేజీకి, ఆ పేరుకు లంకె లేదు. అలాంటప్పుడు ఎవరి నుంచి దాచాలో లింక్డ్‌ఇన్‌కు తెలిసే దారి ఉండదు.

లంకె ఉందో లేదో కంటితోనే పోల్చుకోవచ్చు. Experience‌లో మీ ఉద్యోగం పక్కన కంపెనీ లోగో కనిపిస్తే లంకె ఉన్నట్టు. బూడిదరంగు ఖాళీ బొమ్మ కనిపిస్తే అనుమానించండి, దాన్ని నొక్కి కంపెనీ పేజీ తెరుచుకుంటుందో లేదో చూడండి. తెరుచుకోకపోతే పెన్సిల్ గుర్తు నొక్కి, పాత పేరు చెరిపి, మళ్లీ టైప్ చేస్తూ కింద వచ్చే జాబితాలోంచి మీ కంపెనీని ఎంచుకోండి. అదే పేరుతో రెండు మూడు పేజీలు కనిపిస్తే, ఎక్కువమంది ఉద్యోగులు ఉన్న అసలు పేజీని చూసి ఎంచుకోండి.

సేవ్ చేసే ముందు అదే కిటికీలో Notify network అనే మీట ఉంటుంది, దాన్ని ఆపేయండి. లేకపోతే మీరు ఉద్యోగ వివరాలు మార్చారన్న కబురు మీ పరిచయస్తులకు వెళ్లే అవకాశం ఉంది. ఒకేసారి అన్నింటికీ ఆపాలంటే Settings & Privacy‌లో Visibility కింద Share profile updates with your network అనే చోట ఆఫ్ చేయవచ్చు.

ఇక్కడ శ్రీసిటీ, రేణిగుంట వైపు పనిచేసేవాళ్లకు ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది. పని చేసేది ఫ్యాక్టరీలో, జీతం ఇచ్చేది మాత్రం మ్యాన్‌పవర్ ఏజెన్సీ. ప్రొఫైల్‌లో ఏజెన్సీ పేరే రాసుకుని ఉంటే, లింక్డ్‌ఇన్ లెక్కలో మీ కంపెనీ ఆ ఏజెన్సీయే. మీరు రోజూ వెళ్లే ఫ్యాక్టరీ హెచ్‌ఆర్‌కు అది అడ్డు కాదు, వాళ్లు రిక్రూటర్ సేవ వాడుతుంటే మీరు కనిపించవచ్చు. మీరు ఏజెన్సీ రోల్స్‌లో ఉండి, ఫ్యాక్టరీకి తెలియకూడదని గట్టిగా అనుకుంటే ఈ సెట్టింగ్‌ను నమ్ముకోకండి. నేరుగా కంపెనీల కెరీర్ పేజీల్లో దరఖాస్తు చేసుకోవడమే మేలు.

సెట్టింగ్ పెట్టే వరుస

ప్రొఫైల్ తెరిచి, పేరు కింద ఉన్న Open to నొక్కి, Finding a new job ఎంచుకోండి. ఫోన్ యాప్‌లోనూ ఇంతే.

ముందు ఉద్యోగ పేర్లు అడుగుతుంది, ఐదు వరకు ఇవ్వవచ్చు. ఇవి కూడా జాబితాలోంచే ఎంచుకోండి. మా చెల్లెలు Quality Engineer, Quality Assurance Engineer, Supplier Quality Engineer అని మూడు పెట్టింది. మిగతా రెండు ఖాళీలు నింపాలి కదా అని మొదట HR Executive కూడా పెట్టబోయింది, నేను వద్దన్నాను. సంబంధం లేని పేరు పెడితే వచ్చే మెసేజ్‌లూ సంబంధం లేనివే వస్తాయి.

తరువాత ఊళ్లు. తిరుపతి అని ఒక్కటే పెడితే నష్టపోతాం. శ్రీసిటీ తడ దగ్గర, తమిళనాడు సరిహద్దును ఆనుకుని ఉంది. అక్కడి కంపెనీలకు మనుషుల్ని వెతికిపెట్టే రిక్రూటర్లు చాలామంది చెన్నైలో కూర్చుని చెన్నై పేరుతోనే వెతుకుతారు. అందుకని తిరుపతితో పాటు చెన్నై పెట్టాం. చిత్తూరు వాళ్లయితే బెంగళూరు కూడా ఆలోచించవచ్చు. కానీ నిజంగా వెళ్లగలిగిన ఊళ్లే పెట్టండి. పుణే పెట్టి, పుణే నుంచి ఫోన్ వచ్చాక ఇంట్లో ఒప్పుకోరని చెబితే ఇద్దరి సమయమూ పోతుంది.

ఎప్పుడు చేరగలరు అన్నచోట రెండే మాటలు ఉంటాయి: వెంటనే చూస్తున్నాం అనేది ఒకటి, తొందర లేదు అనేది ఇంకొకటి. నోటీసు పీరియడ్ ఎంతున్నా, నిజంగా మారాలనుకుంటే మొదటిదే ఎంచుకోవచ్చు, అది వెతుకుతున్న తీవ్రతను చెబుతుంది. నోటీసు సంగతి మెసేజ్‌లో చెబుదురుగాని.

చివర ఎవరికి కనిపించాలో అడుగుతుంది. Recruiters only ఎంచుకుని సేవ్ చేయండి. సేవ్ అయ్యాక మీ ప్రొఫైల్‌లో మీకు మాత్రం ఒక పెట్టె కనిపిస్తుంది. ఫొటో చుట్టూ ఆకుపచ్చ పట్టీ వచ్చిందంటే తప్పు ఎంచుకున్నట్టే, వెంటనే పెన్సిల్ నొక్కి మార్చండి.

ఇంత జాగ్రత్తపడి కొందరు ఒక్క చోట దొరికిపోతారు. పేరు కింద ఉండే హెడ్‌లైన్‌లో కొత్త అవకాశాల కోసం చూస్తున్నాను అని రాసేస్తారు. ఈ సెట్టింగ్ హెడ్‌లైన్‌ను దాచదు, అది అందరికీ కనిపిస్తుంది. హెడ్‌లైన్‌లో చేసే పని మాత్రమే ఉండాలి.

మెసేజ్ వచ్చాక

పెట్టిన తొమ్మిదో రోజు మా చెల్లెలికి ఒక ఇన్‌మెయిల్ వచ్చింది, అంటే పరిచయం లేనివాళ్లు లింక్డ్‌ఇన్‌లో పంపే మెసేజ్. ఒక కన్సల్టెన్సీ అమ్మాయి రాసింది. శ్రీసిటీలోని ప్రముఖ ఎలక్ట్రానిక్స్ తయారీ సంస్థకు క్వాలిటీ ఇంజనీరు కావాలట, రెజ్యూమె వెంటనే పంపమంది. సంస్థ పేరు రాయలేదు. మా చెల్లెలు సంతోషంతో రెజ్యూమె జత చేయబోయింది. ఆగమన్నాను.

శ్రీసిటీలో ఆమె చేసే పనికి మనుషుల్ని పెట్టుకునే ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలు ఎన్నో ఉండవు. ఆ ప్రముఖ సంస్థ ఆమె సొంత సంస్థే కావచ్చు. లింక్డ్‌ఇన్ దాచేది సొంత కంపెనీ రిక్రూటర్ల నుంచి. ఆ కంపెనీ కోసం పనిచేసే బయటి కన్సల్టెన్సీకి మనం మామూలుగానే కనిపిస్తాం. రెజ్యూమె అక్కడికి చేరితే, వాళ్లు దాన్ని నేరుగా మన హెచ్‌ఆర్ టేబుల్ మీద పెడతారు.

అందుకని ముందు ఆ అమ్మాయి ప్రొఫైల్ చూశాం. ప్రొఫైల్‌లో More నొక్కి About this profile తెరిస్తే, ఖాతా ఎప్పుడు మొదలైందో, ఫొటో, కాంటాక్ట్ వివరాలు ఎప్పుడు మార్చారో కనిపిస్తాయి. పోయిన నెల పుట్టిన ఖాతా, నిన్న మార్చిన ఫొటో అయితే ఆలోచించాలి. ఈమెది ఏళ్లనాటి ఖాతా. అప్పుడు జవాబు రాశాం. ఇంగ్లీషులో రాశాం, విషయం మాత్రం ఇది:

"నమస్తే. మీ మెసేజ్‌కు ధన్యవాదాలు. నాకు నాలుగేళ్ల అనుభవం ఉంది, 60 రోజుల నోటీసు ఉంది. రెజ్యూమె పంపే ముందు సంస్థ పేరు, పని చేయాల్సిన చోటు, ఉద్యోగం సంస్థ రోల్స్‌లోనా ఏజెన్సీ రోల్స్‌లోనా, జీతం ఏ పరిధిలో ఉందో చెప్పగలరా? నన్ను అడగకుండా నా వివరాలు ఎవరికీ పంపవద్దని మనవి."

సాయంత్రానికి జవాబు వచ్చింది. అనుకున్నట్టే అది ఆమె పనిచేసే కంపెనీయే. పోస్టు కూడా ఆమె పక్క లైనుది. మర్యాదగా వద్దని రాసి, వేరే సంస్థలవి వస్తే చెప్పమంది. రెండు వారాల తరువాత అదే అమ్మాయి చెన్నై దగ్గర శ్రీపెరుంబుదూరులోని మరో సంస్థ పోస్టు తెచ్చింది. ఈసారి పేరు ముందే రాసింది.

వద్దనుకున్న మెసేజ్‌కైనా జవాబివ్వడం వృథా కాదు. రిక్రూటర్లు ఇన్‌మెయిల్‌లను లెక్క ప్రకారం కొనుక్కుంటారు. 90 రోజుల్లోపు మీరు అవునన్నా కాదన్నా, ఆ ఒక్కటి వాళ్ల ఖాతాలో తిరిగి చేరుతుంది. పలకకుండా వదిలేస్తే పోతుంది. ఒక్క వాక్యంలో వద్దని చెప్పినవాళ్లను వాళ్లు గుర్తుపెట్టుకుంటారు, మా చెల్లెలి విషయంలో జరిగింది అదే.

ఇప్పటి జీతం అడిగితే మొదటి మెసేజ్‌లోనే అంకె చెప్పేయకండి. ఈ పోస్టుకు ఎంత అనుకుంటున్నారని ముందు వాళ్లనే అడగండి. పేస్లిప్, ఆధార్, పాన్ కాపీలు ఆఫర్ దశకు ముందు ఇవ్వకండి. రిజిస్ట్రేషన్‌కో, ట్రైనింగ్‌కో, ల్యాప్‌టాప్ డిపాజిట్‌కో డబ్బు అడిగినా, మాటను వెంటనే టెలిగ్రామ్‌కు మార్చమన్నా అక్కడితో ఆపేసి, ఆ ప్రొఫైల్‌ను లింక్డ్‌ఇన్‌లో రిపోర్ట్ చేయండి. డబ్బు ఇప్పటికే పోయి ఉంటే ఆలస్యం చేయకుండా 1930‌కు ఫోన్ చేయండి, cybercrime.gov.in‌లో ఫిర్యాదు ఇవ్వండి. తొలి గంటల్లో చెబితేనే బ్యాంకులో డబ్బు ఆపే అవకాశం ఉంటుంది. సిగ్గుపడి రెండు రోజులు దాచిపెట్టినవాళ్లను మా వీధిలోనే చూశాను.

తీసేయడం

ఆఫర్ లెటర్ చేతికొచ్చి, రాజీనామా ఇచ్చాక ప్రొఫైల్‌లోని ఆ పెట్టె పెన్సిల్ నొక్కి Delete from profile ఎంచుకోండి. అప్పటికి మాటల్లో ఉన్న రిక్రూటర్లకు వేరేచోట ఖాయమైందని ఒక్క ముక్క రాయండి. కొత్త కంపెనీ పేరును Experience‌లో చేరిన రోజు తరువాతే చేర్చండి. 60 రోజుల నోటీసులో ఆఫర్ వెనక్కి పోయినవాళ్లు ఉన్నారు, అప్పుడు పాత చోట ముఖం చూపించడం కష్టమవుతుంది. మా చెల్లెలు ఇప్పుడు శ్రీపెరుంబుదూరు సంస్థ రెండో ఇంటర్వ్యూ ముగించుకుని, ఆఫర్ కోసం ఎదురుచూస్తోంది. ఆమె పెట్టె ఇంకా తీయలేదు.